వేలి మీటర్ 98 చూపిస్తోంది, మనిషి మాత్రం లేవడం లేదు

సమస్య

జనవరి చలికి ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లలో బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చుకొని, తలుపులు బిడాయించి పడుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆ గదిలో నిండుతుంది. హన్మకొండ అపార్ట్‌మెంట్లలో అదే పని గాలి ఆడని బాత్రూంలోని గ్యాస్ గీజర్ చేస్తుంది. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం అంటూ క్యాజువాలిటీకి వస్తారు.

ఉదాహరణకు ఇలాంటి కేసు తీసుకుందాం. ముగ్గురూ ఒకే గదిలో పడుకున్నారు. 62 ఏళ్ల అవ్వ పిలిస్తే మూలుగుతోంది, సరిగా మాట్లాడటం లేదు. కొడుక్కి తల పగిలిపోతోంది. మధ్యలో రెండుసార్లు లేచి బయటికి వెళ్లొచ్చిన కోడలికి వికారం మాత్రమే ఉంది. అవ్వకు నాడి 112, బీపీ ఫర్వాలేదు, షుగర్ 118, జ్వరం లేదు. వేలికి పెట్టిన మీటర్‌లో SpO2 98.

"ఆక్సిజన్ మంచిగనే ఉంది గద సార్, రాత్రి తిన్నది పడలేదేమో" అంటారు నర్సమ్మ. ఆ మాట సహజమే. కానీ ఒకే గదిలో పడుకున్న వాళ్లందరికీ ఒకేసారి ఒంట్లో బాగోలేదు, జ్వరం లేదు, విరేచనాలు లేవు, బయటికి వెళ్లొచ్చిన మనిషి మాత్రం కొంత నయంగా ఉంది. ఈ నాలుగూ కలిస్తే తిండిని పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగాలి: రాత్రి గదిలో ఏం మండింది? సింగరేణి బాయిల్లో పనిచేసిన వాళ్లు ఇంట్లో ఉంటే ఈ ప్రశ్న వాళ్లే ముందు అడుగుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదని వాళ్లకు బాగా తెలుసు.

మీటర్ ఎందుకు 98 చూపిస్తుంది

వేలి మీటర్ పంపేవి రెండే కాంతులు. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 దగ్గర కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్ ఎరుపు కాంతిని తక్కువ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేనిది ఎక్కువ పీల్చుకుంటుంది. ఈ తేడాను బట్టే మీటర్ శాతం లెక్కకడుతుంది. రక్తంలో ఈ రెండు రకాలే ఉంటాయన్నది దాని లెక్క. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన కార్బాక్సీహిమోగ్లోబిన్ కూడా ఆ ఎరుపు కాంతిని తక్కువగానే పీల్చుకుంటుంది కాబట్టి మీటర్ దాన్ని ఆక్సిజన్ ఖాతాలో వేసేస్తుంది. మీటర్ చెడిపోలేదు, వేరేది తెచ్చి పెట్టినా ఇదే అంకె వస్తుంది. కార్బాక్సీహిమోగ్లోబిన్ 30 శాతం ఉన్నా అది 90 పైనే చూపించగలదు.

సరేనని ధమని రక్తం తీసి ఏబీజీ పరీక్షకు పంపితే రెండో ఉచ్చు అక్కడ ఉంటుంది. అందులో వచ్చే pO2 రక్తద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఒత్తిడి. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కాబట్టి అది మామూలుగానే వస్తుంది. పాత మెషీన్లు ఆ pO2 నుంచే లెక్కగట్టి సాచురేషన్ వేస్తాయి, అదీ 97 వస్తుంది. అందుకే స్లిప్పు మీద అంకెకన్నా ముందు ఏయే వరుసలు ఉన్నాయో చూడాలి. కార్బాక్సీహిమోగ్లోబిన్‌ను చూపే COHb, దానితోపాటు MetHb అనే వరుసలు ఉంటే మెషీన్‌లో కో-ఆక్సిమీటర్ ఉన్నట్టు. అది చాలా తరంగదైర్ఘ్యాలతో ఒక్కో రకం హిమోగ్లోబిన్‌ను విడివిడిగా కొలుస్తుంది. ఆ వరుసలు లేకపోతే ఆ సాచురేషన్‌ను ఈ కేసులో నమ్మకూడదు.

మన అవ్వ స్లిప్పు ఇలా వచ్చిందనుకుందాం:

```
pO2    94 mmHg
tHb    12.0 g/dL
O2Hb   69 %
COHb   28 %
```

వేలి మీద 98, లోపల నిజంగా ఆక్సిజన్ మోస్తున్నది 69. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు COHb అంతే ఉండటం చూడండి.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. 12 గ్రాముల్లో 28 శాతం పోతే మిగిలేది సుమారు 8.6. రక్తం 8.6 ఉన్నవాళ్లు మన ఓపీకి నడిచే వస్తారు, మరి ఈమె ఎందుకు పడిపోయింది? కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంతటితో ఆగదు. మిగిలిన చోట్ల కూర్చున్న ఆక్సిజన్‌ను కూడా మెదడుకు, గుండెకు తేలిగ్గా వదలనివ్వదు. కణాల లోపల ఆక్సిజన్ వాడకాన్ని కూడా దెబ్బతీస్తుంది.

ఏం చేయాలి

ఇంటి దగ్గరైతే తలుపులు తెరిచి మనిషిని బయటికి లాగాలి, 108కి ఫోన్ చేయాలి. లోపల నిలబడి కుంపటి ఆర్పే పని పెట్టుకోవద్దు.

ఆసుపత్రిలో అనుమానం వచ్చిన క్షణమే బ్యాగ్ ఉన్న నాన్-రీబ్రీతర్ మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ మొదలుపెట్టాలి. ముక్కు గొట్టాలు చాలవు. మాస్కు ముఖానికి బిగుతుగా ఉండాలి, ఊపిరి తీసుకున్నప్పుడు బ్యాగ్ పూర్తిగా చప్పబడకూడదు. స్పృహ తగ్గి గొంతు కాపాడుకోలేని మనిషికి ట్యూబ్ వేయాలి. రక్తం వెంటనే తీయగలిగితే తీయండి, సిర రక్తం చాలు, ధమని కోసం వెతకక్కర్లేదు. రిపోర్టు కోసం మాత్రం ఆక్సిజన్ ఆపవద్దు.

మామూలు గాలిలో COHb సగానికి పడటానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. నూరు శాతం ఆక్సిజన్‌తో సుమారు 75 నిమిషాలు. అంటే 28 ఉన్న అవ్వకు 75 నిమిషాలకు 14, రెండున్నర గంటలకు 7, మూడు ముప్పావు గంటలకు 3.5. అదే గాలికి వదిలేస్తే రోజులో సగానికి పైగా పట్టేది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, మనిషిని బట్టి మారతాయి. అందుకే లక్షణాలు తగ్గి, COHb 3 శాతం లోపుకు వచ్చేదాకా మాస్కు ఉంచాలి.

వార్డులో జరిగే పొరపాటు ఇదే: రాత్రి డ్యూటీ మారుతుంది, కొత్తగా వచ్చినవాళ్లు SpO2 100 చూసి మాస్కు తీసేస్తారు. కేసు షీటు మీద పెద్ద అక్షరాలతో "SpO2 చూసి ఆక్సిజన్ తగ్గించవద్దు" అని రాయించండి.

COHb తక్కువ వచ్చినా అప్పుడే తోసిపుచ్చవద్దు. 108లో రెండున్నర గంటలు ఆక్సిజన్ పెట్టుకొని వచ్చిన మనిషికి 8 వస్తే, బయల్దేరినప్పుడు 30 దగ్గర ఉండి ఉండవచ్చు. ఆక్సిజన్ పెట్టిన టైము, రక్తం తీసిన టైము రెండూ రాయకపోతే ఈ లెక్క చేయలేం. మరోవైపు బీడీలు, సిగరెట్లు బాగా తాగేవాళ్లకు ఏ ప్రమాదం లేకుండానే 10 దాకా ఉండవచ్చు. వేలికే పెట్టి COHb చూపించే ప్రత్యేక మీటర్లు ఉన్నాయి గానీ, అవి తక్కువ చూపించినంత మాత్రాన విషం లేదని నిర్ధారించలేం.

ఈసీజీ, ట్రోపోనిన్ అందరికీ కాకపోయినా అవ్వ వయసువాళ్లకు తప్పనిసరి, గుండె నొప్పి లేకపోయినా సరే. గర్భిణి అయితే తల్లి COHb తగ్గినా బిడ్డ రక్తంలో అది ఇంకా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ మరింతసేపు ఇవ్వాలి. స్పృహ తప్పినవాళ్లకు, గుండెకు దెబ్బ తగిలినవాళ్లకు, గర్భిణులకు ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చాంబర్ ఉన్న చోట డాక్టర్లతో మాట్లాడాలి. దాని వల్ల తర్వాత వచ్చే మెదడు ఇబ్బందులు ఎంత తగ్గుతాయన్నది వైద్యుల్లోనే తేలని వాదన. పంపాలనుకుంటే దారి పొడుగునా సరిపడా సిలిండర్లు చూసుకోండి.

ఇంటికి పంపేటప్పుడు కొడుకుతో, కోడలితో చెప్పాల్సింది ఒకటుంది. బాగా కోలుకున్న మనిషికి కూడా కొన్ని రోజుల నుంచి ఆరు వారాల లోపు మతిమరుపు, నడకలో తేడా, చిరాకు, మూత్రం మీద అదుపు తప్పడం కనిపించవచ్చు. "అవ్వకు వయసు మీద పడ్డది" అని సరిపెట్టుకోకుండా వెంటనే తీసుకురమ్మని చెప్పి, ఆ మాట డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసివ్వండి.