ఏసీలో గ్యాస్ నిజంగా తగ్గిందా? సూపర్‌హీట్ చూసి తేల్చుకోవడం ఎలా

గేజ్ తగిలించగానే ముల్లు 55 దగ్గర ఆగితే, కొత్తగా పని నేర్చుకునేవారి చెయ్యి వెంటనే సిలిండర్ వైపు వెళ్తుంది. ప్రెషర్ తక్కువ ఉంది కాబట్టి గ్యాస్ తక్కువ ఉందనుకుంటారు. ఏసీ పనిలో కంప్రెసర్లను ఎక్కువగా చంపేది ఈ తొందరపాటేనని నా గట్టి నమ్మకం.

ప్రెషర్ గ్యాస్ ఎంత ఉందో చెప్పదు. దీన్ని సిలిండర్ దగ్గరే చూడవచ్చు. 35 డిగ్రీల గదిలో ఉన్న ఆర్-22 సిలిండర్‌కు గేజ్ పెడితే దాదాపు 180 పీఎస్‌ఐ చూపిస్తుంది. సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగున కొద్దిగా ద్రవం మిగిలినా అదే 180. ద్రవం, ఆవిరి కలిసి ఉన్నంతసేపు ప్రెషర్‌ను నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే. నడుస్తున్న ఏసీ కూలింగ్ కాయిల్‌లోనూ ఇదే జరుగుతుంది. గేజ్ చూపే అంకె అక్కడ గ్యాస్ ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతోందో చెబుతుంది, అంతే. ఆర్-22 అయితే 57 పీఎస్‌ఐ అంటే 0 డిగ్రీలు, 70 అంటే 5 డిగ్రీలు, 84 అంటే 10 డిగ్రీలు. గేజ్ ముఖం మీద లోపలి వలయాల్లో ఈ డిగ్రీలు ఒక్కో గ్యాస్‌కు వేరుగా ముద్రించి ఉంటాయి. అవి సెల్సియస్‌లో ఉన్నాయా, ఫారన్‌హీట్‌లో ఉన్నాయా అన్నది ముందే చూసుకోండి. ఆర్-32కు అదే 5 డిగ్రీల దగ్గర 123 పీఎస్‌ఐ ఉంటుంది. అందుకే బయటి యూనిట్ ప్లేటు మీద గ్యాస్ పేరు చదవకుండా గేజ్ చదవకూడదు.

కాయిల్‌లో ద్రవమంతా ఆవిరైపోయాక, ఆ ఆవిరి ఇంకా కొంత వేడెక్కి కంప్రెసర్‌కు వెళ్తుంది. ఆ అదనపు వేడే సూపర్‌హీట్. గ్యాస్ తక్కువైతే ద్రవం కాయిల్ సగంలోనే అయిపోతుంది, మిగతా దారంతా ఆవిరి వేడెక్కుతూనే ఉంటుంది. అప్పుడు సూపర్‌హీట్ పెరుగుతుంది. ద్రవం చివరిదాకా వస్తే తగ్గుతుంది. కాయిల్ ఎంతవరకు నిండిందో తెలియాలంటే చూడవలసింది ఈ అంకెనే.

కొలిచే పద్ధతి

ముందు ఫిల్టర్, కూలింగ్ కాయిల్, బయటి కండెన్సర్ శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి. తరువాత ఫ్యాన్ పెద్ద వేగంలో, థర్మోస్టాట్ బాగా తక్కువలో పెట్టి ఏసీని పావుగంట నడవనివ్వండి. అంతకుముందు తీసిన రీడింగ్ దేనికీ పనికిరాదు.

మన దగ్గర మామూలు స్ప్లిట్ ఏసీల్లో ద్రవం ప్రెషర్‌ను తగ్గించే కేపిలరీ గొట్టం బయటి యూనిట్‌లోనే ఉంటుంది. కాబట్టి బయట కనిపించే సన్న పైపు, లావు పైపు రెండూ తక్కువ ప్రెషర్ వైపువే. గేజ్ తగిలించే చోటు లావు పైపు వాల్వు మీద ఉంటుంది. నీలం హోస్ అక్కడ బిగించండి. బిగించే ముందు గేజ్ ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడటం మరవకండి.

పైపు ఉష్ణోగ్రత కొలిచేటప్పుడే చాలామంది తప్పుతారు. వాల్వుకు జానెడు దూరంలో ఇన్సులేషన్ విప్పి, రాగిని గుడ్డతో తుడిచి, ప్రోబ్‌ను గట్టిగా ఆనించి, పైన మళ్లీ ఇన్సులేషన్ చుట్టాలి. ఎండలో ఉన్న పైపుకు ప్రోబ్‌ను ఊరికే తాకిస్తే అది పైపుతో పాటు బయటి గాలినీ కొలుస్తుంది. దూరం నుంచి కొలిచే లేజర్ గన్నును మెరిసే రాగి మీద అస్సలు నమ్మవద్దు.

ఇప్పుడు లెక్క చిన్నదే. పైపు ఉష్ణోగ్రతలోంచి గేజ్ చెప్పిన మరిగే ఉష్ణోగ్రత తీసేస్తే మిగిలేది సూపర్‌హీట్.

ఎంత ఉండాలి?

కేపిలరీ ఉన్న ఏసీకి ఎప్పుడూ ఒకే అంకె ఉండదు. గదిలోని తేమను, బయటి ఎండను బట్టి అది మారుతుంది. థర్మామీటర్ కొనకు తడి నూలుగుడ్డ చుట్టి, లోపలి యూనిట్ గాలి పీల్చుకునే చోట రెండు మూడు నిమిషాలు పట్టుకుంటే తడి బల్బు ఉష్ణోగ్రత వస్తుంది. కండెన్సర్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత కూడా కొలవండి. తరువాత ఈ సూత్రం:

(3 × తడి బల్బు − బయటి ఉష్ణోగ్రత − 9) ÷ 2 = ఉండవలసిన సూపర్‌హీట్, సెల్సియస్‌లో

కంపెనీ పట్టిక దొరికితే దాన్నే అనుసరించండి. దొరకనప్పుడు ఈ లెక్క సరిపోతుంది.

వరంగల్ ఎండాకాలంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. మే మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, పొడి గాలి వల్ల గదిలో తడి బల్బు 18 అనుకోండి. లెక్క 1.5 వస్తుంది. జవాబు 3 కంటే తక్కువ వస్తే ఈ పద్ధతిలో గ్యాస్ పట్టకూడదు, ఎందుకంటే కొలతలో వచ్చే చిన్న తేడాకే ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్లిపోవచ్చు. యజమాని ఎంత తొందరపెట్టినా మరుసటి రోజు ఉదయం వస్తానని చెప్పడమే సరైన పని.

ఒకే ప్రెషర్, రెండు రోగాలు

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తీ కార్యాలయం ఉందనుకుందాం. ఏప్రిల్ ఉదయం, బయట 36 డిగ్రీలు, లోపల తడి బల్బు 20. సూత్రం ప్రకారం సూపర్‌హీట్ 7.5 ఉండాలి. అక్కడ ఆర్-22తో నడిచే పాత ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండున్నాయి. రెండింటికీ గేజ్ 55 పీఎస్‌ఐ చూపిస్తోంది, అంటే గ్యాస్ దాదాపు −1 డిగ్రీ దగ్గర మరుగుతోంది.

మొదటి ఏసీ లావు పైపు 0.5 డిగ్రీలు ఉంది. సూపర్‌హీట్ 1.5 మాత్రమే. లోపల ద్రవం కావలసినంత ఉంది, దాన్ని మరిగించే వేడే అందడం లేదు. ముందు మూత తీసి చూస్తే ఫిల్టర్ శుభ్రంగానే కనిపించింది, కానీ దాని వెనుక కాయిల్ రెక్కల మీద పత్తి నూగు, మిర్చి దుమ్ము కలిసి మందపాటి పొరలా పట్టి ఉన్నాయి. కాయిల్ కడిగి, ఆరనిచ్చి మళ్లీ నడిపితే 70 పీఎస్‌ఐ, పైపు 12 డిగ్రీలు, సూపర్‌హీట్ 7. గ్రాము గ్యాస్ కూడా పట్టనవసరం లేకుండా బాగైంది. దీనికి మొదటే గ్యాస్ పట్టి ఉంటే ముల్లు కాస్త లేచేది, ద్రవం కంప్రెసర్‌లోకి దిగి వాల్వులు విరిగేవి.

రెండో ఏసీ లావు పైపు 16 డిగ్రీలు. సూపర్‌హీట్ 17. కాయిల్ శుభ్రంగానే ఉంది, సన్న పైపు వాల్వు మీద మాత్రం మంచు పేరుకుంది. క్లాంప్ మీటర్ చూపే ఆంపియర్లు ప్లేటు మీద రాసినదానికంటే బాగా తక్కువ. ఇది గ్యాస్ తగ్గిన ఏసీ. గ్యాస్ దానంతటదే అరిగిపోదు కాబట్టి ముందు లీకు వెతకాలి. ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక కనిపిస్తే సబ్బు నురగ పెట్టి చూడండి. లీకు సరిచేశాక సిలిండర్‌ను తూకం మీద నిలబెట్టి, హోస్‌లోని గాలి తీసేసి, కొద్దికొద్దిగా ఆవిరి రూపంలో వదలండి. ప్రతిసారీ ఐదు పది నిమిషాలు ఆగి, రెండు ఉష్ణోగ్రతలూ మళ్లీ చూడండి. 68 పీఎస్‌ఐ దగ్గర మరిగే ఉష్ణోగ్రత 4, పైపు 12, సూపర్‌హీట్ 8 అయినప్పుడు ఆపేయాలి. ముల్లును 70కి చేర్చాలని ఇంకొంచెం వదలకండి.

ఆర్-410ఏ మిశ్రమ గ్యాస్, దాన్ని ద్రవ రూపంలోనే, నెమ్మదిగా వదలాలి. ఆర్-32 మంట అంటుకునే గుణం ఉన్నది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇన్వర్టర్ ఏసీకి ఈ పద్ధతి వాడకండి. అందులో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, చాలావాటిలో ఎలక్ట్రానిక్ వాల్వు సూపర్‌హీట్‌ను తనే సర్దుకుంటుంది. గ్యాస్ తగ్గిందని అనుమానం వస్తే ఉన్నదంతా రికవరీ సిలిండర్‌లోకి తీసి, లీకు మూసి, వ్యాక్యూమ్ చేసి, ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం కొత్తగా తూచి పట్టాలి.