మెంతి, జిన్‌సెంగ్, మాకాలతో లైంగిక శక్తి కోసం కోర్సు మొదలుపెట్టే ముందు: డాక్టరుకి చెప్పకుండా డబ్బా తెరవకండి

బెంగళూరు కె.ఆర్.పురం వైపు మాది మెడికల్ షాపు. అనంతపురం, చిత్తూరు, కడప నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు తెలుగులో మాట్లాడొచ్చని మా దగ్గరికి వస్తుంటారు. పోయిన నెల ఒక రాత్రి, ఎప్పుడూ వచ్చే ఒకాయన భార్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "అన్నా, ఈయన బీరువాలో ఏదో జిన్‌సెంగ్ డబ్బా దాచిపెట్టుకున్నారు. డాక్టర్లకు చూపించాలా?" అని అడిగారు. వెంటనే చూపించమన్నాను. ఆయనకు యాభై దాటాయి, షుగరు ఉంది, గుండెకు మందులు వాడుతున్నారు. ఛాతీలో నొప్పి వస్తే ఇంట్లోవాళ్లు నాలుక కింద సార్బిట్రేట్ అనే నైట్రేట్ మాత్ర పెట్టారు. కాసేపటికే బీపీ పడిపోయి స్పృహ తప్పారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ క్యాప్సూల్‌ను ఆయన అదే సాయంత్రం వేసుకున్నారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ప్రాణం దక్కింది. కానీ డబ్బా సంగతి తెలిసేవరకు డాక్టర్లు కారణం కోసం వెతుకుతూనే ఉన్నారు.

మెంతులు మంచివా, మాకా పనిచేస్తుందా అన్న ప్రశ్నకంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టడమే మనుషుల్ని ముంచుతోంది. సిగ్గుతో దాచిన క్యాప్సూళ్ల వల్ల కుటుంబాలు ఆసుపత్రుల చుట్టూ తిరగడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇక పరిశోధనల సంగతి. డబ్బాల మీద "క్లినికల్‌గా రుజువైంది" అని రాస్తారు. పరీక్షలు జరిగిన మాట నిజమే. అవి ఎవరి మీద జరిగాయో, దేన్ని కొలిచారో మాత్రం అక్కడ రాయరు.

మెంతి సారం మీద 2011లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష జరిగింది. 25 నుంచి 52 ఏళ్ల మధ్య వయసున్న 60 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లలో సగం మందికి ఆరు వారాల పాటు రోజుకు 600 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లు లైంగిక కోరిక పెరిగిందని చెప్పారు. అయితే వాళ్లకు అంగస్తంభన సమస్య లేదు. ఆ మాత్రలో మెంతి సారంతో పాటు ఖనిజాలు కూడా ఉన్నాయి. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మామూలు పరిధిలోనే ఉండిపోయింది. మీ ఇంట్లో నానబెట్టుకుని తినే మెంతులకూ ఆ సారానికీ సంబంధం తక్కువ. షుగరు, బీపీ ఉన్న యాభై ఏళ్ల మనిషి ఆ 60 మందిలో ఒకడు కాడు.

జిన్‌సెంగ్ మీద పరీక్షలు కాస్త ఎక్కువే జరిగాయి. 2002లో కొరియాలో 45 మందికి ఎర్ర జిన్‌సెంగ్‌ను 900 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, ఎనిమిది వారాలు ఇచ్చారు. ఉత్త మాత్ర వేసుకున్నప్పటికంటే ఫలితం మెరుగ్గా కనిపించింది. 2021లో వైద్య పరీక్షలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ ఇలాంటి తొమ్మిది పరీక్షలను, మొత్తం 587 మంది ఫలితాలను కలిపి చూసింది. అంగస్తంభనను 30 మార్కుల ప్రశ్నావళితో కొలుస్తారు. మనిషికి తేడా తెలియాలంటే కనీసం నాలుగు మార్కులు పెరగాలని లెక్క. జిన్‌సెంగ్ వాడినవాళ్లకు, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకు మధ్య తేడా మూడున్నర మార్కులు. అంటే ఉందనుకుంటే కొంచెం ఉంది, మనిషికి తెలిసేంత లేదు. పైగా ఆ లెక్క మీద నమ్మకం తక్కువేనని వాళ్లే రాశారు.

మాకా పెరూ కొండల్లో పండే ముల్లంగి జాతి దుంప. అక్కడ 2002లో జరిగిన పరీక్షలో రోజుకు ఒకటిన్నర లేదా మూడు గ్రాములు తీసుకున్న మగవాళ్లలో ఎనిమిది వారాల తర్వాత కోరిక పెరిగింది, టెస్టోస్టెరాన్ మాత్రం మారలేదు. 2009లో ఇటలీలో స్వల్పంగా స్తంభన సమస్య ఉన్న 50 మందిలో సగం మందికి మాకా, సగం మందికి ఉత్త మాత్ర పన్నెండు వారాలు ఇచ్చి చూశారు. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకూ కొంచెం మెరుగైంది, మాకా వాళ్లకు ఇంకొంచెం. ఇక్కడ వాడిన 25 మార్కుల చిన్న ప్రశ్నావళిలో తేడా సుమారు ఒక మార్కు.

మూడింటిలోనూ ఒక విషయం గమనించండి. ఫలితం రావడానికి వారాలు పట్టింది. మీరు కొన్న క్యాప్సూల్ గంటలోపే పనిచేసి, ముఖం వేడెక్కి, తలనొప్పి వచ్చి, ముక్కు దిబ్బడేస్తే ఆ పని మూలిక చేసింది కాదని అనుమానించాలి. అందులో అంగస్తంభనకు డాక్టర్లు రాసే సిల్డెనఫిల్ మందు గానీ, దాని చుట్టం గానీ కలిపి ఉండొచ్చు. ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2007 నుంచి 2016 దాకా కల్తీ అని పట్టుకున్న 776 సప్లిమెంట్లలో దాదాపు సగం లైంగిక శక్తి పేరుతో అమ్మినవే. వాటిలో ఎక్కువగా దొరికింది సిల్డెనఫిలే. ఆ మందు ఒంట్లో ఉండగా నైట్రేట్ మాత్ర పడితే రక్తనాళాలు ఒక్కసారిగా వదులై బీపీ కూలిపోతుంది. సిల్డెనఫిల్ వేసుకుంటే 24 గంటలు, దాని చుట్టం టాడలఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. లేబుల్ మీద లేని మందుకు ఈ లెక్క ఎవరు వేస్తారు? మీరు డబ్బా చూపిస్తేనే డాక్టరు వేయగలరు.

ఇంకొకటి. పురుషాంగానికి వెళ్లే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి. కొవ్వు పేరుకుంటే ముందు అక్కడే తెలుస్తుంది, గుండెలో నొప్పి రెండు మూడేళ్ల తర్వాత రావచ్చు. నలభై దాటినవాడికి కొత్తగా స్తంభన తగ్గితే ఆ కబురును మూడు నెలల పొడితో నొక్కిపెట్టకూడదు. డాక్టరుకి చెప్పకుండా మొదలుపెడితే పోయేది ఆ మూడు నెలలే.

ఇప్పుడు వరసగా చెబుతాను, రాసుకోండి.

ముందు షుగరు, మూడు నెలల సగటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. కోరికే తగ్గితే పొద్దున టెస్టోస్టెరాన్ కూడా.

నాలుక కింద మాత్ర గానీ, ఏ రూపంలోనైనా నైట్రేట్ గానీ వాడేవాళ్లు ఈ క్యాప్సూళ్లు ముట్టొద్దు. అలాగని గుండె మందు ఆపేసి క్యాప్సూల్ వేసుకోవద్దు.

షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర లేదా ఇన్సులిన్ మీద ఉంటే మెంతి సారం, జిన్‌సెంగ్ రెండూ షుగరును ఇంకా కిందికి లాగవచ్చు. వణుకు, చెమట, ఆకలి వస్తే వెంటనే షుగరు చూసుకోండి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా వీటిలో ఏదీ మొదలుపెట్టొద్దు. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ ఎటైనా మారవచ్చు.

వేరుశనగ, శనగ పడనివాళ్లకు మెంతులూ పడకపోవచ్చు.

మూడూ కలిపిన క్యాప్సూల్ కొనొద్దు. దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు.

డోసు మిల్లీగ్రాముల్లో రాయని డబ్బా వద్దు. "రహస్య మిశ్రమం" అసలే వద్దు.

డిప్రెషన్ మాత్రల వల్ల సమస్య మొదలైందని అనిపిస్తే మాత్ర మీరే ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరునే అడగండి.

ఆపరేషన్ ఉంటే, పంటిదైనా సరే, డబ్బా పేరు ముందే చెప్పండి.

డాక్టరు ఎదురుగా నోరు రాకపోతే డబ్బాను ఫోటో తీసి చూపించండి. భార్యకు చెప్పండి. మీరు స్పృహలో లేనప్పుడు జవాబు చెప్పాల్సింది ఆవిడే.

ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. గడిచిన రెండు రోజుల్లో ఇలాంటి ఏ క్యాప్సూల్ వేసుకున్నా ఇంట్లో నాలుక కింద మాత్ర పెట్టుకోవద్దు. అంబులెన్సు రాగానే మొదట చెప్పాల్సింది క్యాప్సూల్ పేరు, వేసుకున్న టైము. డబ్బా చేతిలో పట్టుకుని ఎక్కండి.