ద్రవ్యోల్బణ అంచనాలను కలుపుకొని ఫిలిప్స్ రేఖను గీసి చదవడం ఎలా?

నిరుద్యోగిత తగ్గితే ద్రవ్యోల్బణం పెరుగుతుందని ఫిలిప్స్ రేఖ చెప్పే మాట ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ చెల్లకుండా పోతుందో తెలుసుకోవాలంటే రేఖలను స్వయంగా గీసి, ఒక్కో సంవత్సరాన్నీ లెక్కవేసి చూడటమే సులువైన దారి.

మొదట అడ్డగీత మీద నిరుద్యోగిత రేటును, నిలువుగీత మీద ద్రవ్యోల్బణ రేటును గుర్తించండి. 1958లో ఆర్థికవేత్త ఎ.డబ్ల్యూ. ఫిలిప్స్ బ్రిటన్ గణాంకాలతో గీసిన అసలు రేఖలో నిలువుగా ఉన్నది వేతనాల పెరుగుదల. అక్కడ ధరల పెరుగుదలను పెట్టడం తరువాత వచ్చిన అలవాటు. ఆపైన ఈ సూత్రాన్ని పక్కన రాసుకోండి.

ద్రవ్యోల్బణం = జనం అంచనా − 0.5 × (నిరుద్యోగిత − సహజ రేటు)

ఇందులో 0.5 మన ఉదాహరణ కోసం అనుకున్న వాలు మాత్రమే. సహజ రేటు అంటే ఉండదగిన మంచి రేటు అని కాదు, ద్రవ్యోల్బణం జనం అంచనాకు సరిగ్గా సమానంగా ఉన్నప్పుడు కనిపించే నిరుద్యోగిత అని అర్థం. అంచనాకు సూత్రంలో చోటెందుకంటే, వేతన ఒప్పందాలు ముందుగానే కుదురుతాయి. రాబోయే ఏడాది ధరలు ఎంత పెరుగుతాయనుకుంటే అంత మేరకు కార్మికులు అడుగుతారు, యజమానులు ఇస్తారు. ధరలు అంతకు మించి పెరిగితే నిజ వేతనం, అంటే ఆ వేతనంతో కొనగలిగేది, తగ్గినట్టే కనుక, సంస్థలు మరికొందరిని పనిలోకి తీసుకుంటాయి.

ఇప్పుడు సహజ రేటు 5 శాతం, అంచనా 2 శాతం అనుకొని స్వల్పకాలిక రేఖను గీయండి. నిరుద్యోగిత 5 ఉంటే ద్రవ్యోల్బణం 2, నిరుద్యోగిత 3 అయితే 3, 7 అయితే 1. ఈ మూడు బిందువులను కలిపితే వచ్చే వాలుగీత ఒక్క షరతు మీదే నిలబడుతుంది: జనం అంచనా 2 దగ్గరే కదలకుండా ఉండాలి.

అసలు విషయం తరువాతి మెట్టులో ఉంది. ప్రభుత్వం నిరుద్యోగితను 3 శాతం దగ్గరే నిలపదలచిందని, జనం గత ఏడాది ద్రవ్యోల్బణాన్నే ఈ ఏడాదికి అంచనాగా పెట్టుకుంటారని అనుకోండి. మొదటి ఏడాది ద్రవ్యోల్బణం 3 అవుతుంది. రెండో ఏడాదికి అంచనా 3 కావడంతో రేఖ మొత్తం ఒక పాయింటు పైకి జరుగుతుంది, ద్రవ్యోల్బణం 4కు చేరుతుంది. మూడో ఏడాది 5. దక్కిన ఉపాధి అంతే ఉన్నా, దానికి చెల్లించే మూల్యం ఏటా పెరుగుతూ పోతుంది. ఇక ప్రభుత్వం ఆ ప్రయత్నాన్ని మానుకొని నిరుద్యోగితను 5కు రానిస్తే, ద్రవ్యోల్బణం 2కు తిరిగి రాదు, 5 దగ్గరే ఆగుతుంది. నిరుద్యోగిత 5 ఉన్నచోట 2, 3, 4, 5 ద్రవ్యోల్బణ బిందువులను కలిపితే నిట్టనిలువు గీత వస్తుంది; దీర్ఘకాలిక ఫిలిప్స్ రేఖ అదే. 1960ల చివర్లో ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఎడ్మండ్ ఫెల్ప్స్ విడివిడిగా చేసిన వాదన సారం ఇదే.

తిరుగు ప్రయాణాన్నీ లెక్కవేయండి. 5 నుంచి 2కు దిగాలంటే నిరుద్యోగిత రెండేళ్లపాటు 8 శాతం, లేదా ఆరేళ్లపాటు 6 శాతం ఉండాలి. కేంద్ర బ్యాంకు మాటను నమ్మి జనం ముందుగానే తమ అంచనాలను తగ్గించుకుంటే ఈ బాధ తగ్గుతుంది, కానీ ఆ నమ్మకం ప్రకటనతోనే వచ్చేది కాదు. అమెరికాలో 1980లో 13.5 శాతంగా ఉన్న ద్రవ్యోల్బణం 1983 నాటికి సుమారు 3 శాతానికి దిగింది గానీ, ఈ మధ్యలో, 1982 చివర, నిరుద్యోగిత 10.8 శాతాన్ని తాకింది.

నిజమైన గణాంకాలతో గీసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, దశాబ్దాల బిందువులన్నింటి గుండా ఒకే గీతను లాగడం. అమెరికాలో 1969లో నిరుద్యోగిత 3.5, ద్రవ్యోల్బణం 5.5 శాతం; 1975లో అవి 8.5, 9.1. రెండూ కలిసి పెరిగాయంటే మనం ఒకే రేఖ మీద నడవడం లేదు, రేఖే జరిగింది. అయితే ఆ జరుగుడుకు అంచనాలొక్కటే కారణమనుకోకూడదు; 1973 నాటి చమురు ధరల దెబ్బ వంటివి కూడా రేఖను పైకి నెడతాయి.

జనం అంచనాలు ఎలా ఏర్పడుతున్నాయో తెలుసుకోవడానికి రెండు పటాలు గీయండి: ఒకదానిలో నిలువుగా ద్రవ్యోల్బణం, మరొకదానిలో నిరుటితో పోల్చిన దాని మార్పు. జనం గతాన్ని చూసి అంచనా వేసే కాలంలో రెండో పటంలో వాలు స్పష్టమవుతుంది, మార్పు సున్నా అయ్యేచోట సహజ రేటు సుమారుగా తెలుస్తుంది. అంచనాలు 2 శాతం వంటి ఒక లక్ష్యం దగ్గర స్థిరపడిన కాలంలో మొదటి పటమే మళ్లీ పాత వాలును చూపిస్తుంది. అది శాశ్వతమైన బేరమని నమ్మి విధాన కర్తలు దానిని వాడుకోబోతే, ఆ స్థిరత్వమే ముందు చెదిరిపోతుంది.