ఎర్లీ డెసిషన్ సంతకం పెట్టేముందు ఫీజు లెక్క తేల్చుకోండి

పోయిన డిసెంబర్‌లో నాకు తెలిసిన ఒక ఇంట్లో అమెరికా సీటు వచ్చిన రాత్రే తల్లిదండ్రులకు నిద్ర కరువైంది. పిల్లవాడు ఎర్లీ డెసిషన్‌లో, అంటే సీటొస్తే అక్కడే చేరతానని ముందే సంతకం చేసే పద్ధతిలో, దరఖాస్తు పెట్టాడు, సీటొచ్చింది. తండ్రి కూర్చుని నాలుగేళ్ల ఖర్చు మొదటిసారి పూర్తిగా కూడింది ఆ రాత్రే. సంతకం అక్టోబర్ చివర్లో పెట్టారు, లెక్క డిసెంబర్ మధ్యలో వేశారు. దరఖాస్తుల సీజన్‌లో కుటుంబాలను దెబ్బతీసే పొరపాటుగా నేను చూసింది ఈ ఒక్కటే. వ్యాసాలు బాగా రాయకపోయినా, స్కోరు కాస్త తగ్గినా ఒక కాలేజీ పోతుందేమో. దీనివల్ల ఏడాదే పోతుంది.

ముందు మూడు దారుల తేడా

ఎర్లీ డెసిషన్, వాడుకలో ఈడీ, మాట ఇచ్చి కట్టుబడే దారి. ఒక్క కాలేజీకే పెట్టాలి. సీటొస్తే అక్కడే చేరతానని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేస్తారు. గడువు ఎక్కువ చోట్ల నవంబర్ 1, కొన్ని చోట్ల నవంబర్ 15. ఫలితం డిసెంబర్ మధ్యలో వస్తుంది. వేరే కాలేజీలకు ఎర్లీ యాక్షన్‌లోనో రెగ్యులర్‌లోనో పెట్టుకోవచ్చు గానీ, ఈడీ సీటు రాగానే అవన్నీ వెనక్కి తీసుకోవాలి. చాలా కాలేజీల్లో ఈడీ-2 అని జనవరి మొదట్లో ఇంకో విడత ఉంటుంది. అదీ ఇలాగే కట్టిపడేస్తుంది, ఫలితం మాత్రం ఫిబ్రవరిలో వస్తుంది.

ఎర్లీ యాక్షన్, అంటే ఈఏ, తొందరగా పెట్టి తొందరగా ఫలితం తెలుసుకునే దారి. కట్టుబాటు లేదు. సీటొచ్చినా మే 1 దాకా ఆలోచించుకోవచ్చు, వచ్చిన ఆఫర్లను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఎంఐటీ ఈ పద్ధతిలోనే తీసుకుంటుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ ఈఏకి మాత్రం ఒక ఆంక్ష ఉంది. చేరాలన్న కట్టుబాటు లేకపోయినా, అదే సమయంలో అమెరికాలోని వేరే ప్రైవేటు కాలేజీలకు ఎర్లీ దరఖాస్తు పెట్టకూడదు. ప్రభుత్వ యూనివర్సిటీలకు, ఇతర దేశాల యూనివర్సిటీలకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. మాటల తేడా కాలేజీకో రకంగా ఉంటుంది కాబట్టి వాళ్ల పేజీలోనే చదవాలి.

రెగ్యులర్ డెసిషన్ గడువులు ఎక్కువగా జనవరి 1 నుంచి 5 మధ్య పడతాయి. ఫలితం మార్చి చివరికి వస్తుంది, జవాబు మే 1లోపు ఇవ్వాలి. బర్క్‌లీ, లాస్ ఏంజలిస్ క్యాంపస్‌లున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఎర్లీ అనేదే లేదు. అక్కడ నవంబర్ నెలాఖరుకే అందరి గడువూ అయిపోతుంది. జనవరి అనుకుని కూర్చున్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఆ కుటుంబం లెక్క

ఆ కాలేజీలో ట్యూషన్, హాస్టల్, భోజనం, బీమా అన్నీ కలిపి మొదటి ఏడాదికి 90,000 డాలర్లు. ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే రెండో ఏడాది 93,600, మూడో ఏడాది 97,344, నాలుగో ఏడాది దాదాపు 1,01,238. మొత్తం 3,82,000 డాలర్లు దాటింది. ఇంట్లోవాళ్లు ఏడాదికి 45,000 దాకా భరించగలరు, అంటే నాలుగేళ్లకు 1,80,000. మిగతా రెండు లక్షల డాలర్లకు దారి లేదు.

దరఖాస్తులో ఆర్థిక సాయం కావాలా అన్న ప్రశ్నకు వాళ్లు వద్దని టిక్కు పెట్టారు. సాయం అడిగితే సీటు అవకాశం తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థుల విషయంలో డబ్బు అవసరాన్ని కూడా చూసే సీటు ఇస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొద్ది చోట్ల మాత్రమే ఆ సంగతి చూడకుండా ఎంపిక చేస్తారు. వీళ్లు చేసిన తప్పు ఆ తర్వాతి ఆలోచనలో ఉంది. ముందు సీటు రానీ, సాయం సంగతి తర్వాత అడుగుదాం అనుకున్నారు. దరఖాస్తుతో పాటు అడగని విదేశీ విద్యార్థికి ఆ తర్వాత నాలుగేళ్లూ సాయం ఇవ్వమని చాలా కాలేజీలు రాసి మరీ పెడతాయి. ఈ కాలేజీ కూడా రాసి పెట్టింది. వీళ్లు చదవలేదు.

ఈడీ ఒప్పందం నుంచి బయటపడే దారి ఒకటుంది. ఇచ్చిన సాయం సరిపోక చేరలేకపోతే కాలేజీ వదిలేస్తుంది. కానీ అది సాయం అడిగినవాళ్ల కోసం. వీళ్లు అసలు అడగనేలేదు. అయినా నాలుగు రోజులు మెయిళ్లు నడిచాక డిసెంబర్ 19న ఆ కాలేజీ ఒప్పందం నుంచి వదిలేసింది, సీటు పోయింది. జనవరి 1కి మిగిలింది పన్నెండు రోజులు. స్కూలుకి సెలవులు, కౌన్సెలర్ ఊళ్లో లేరు, మిగతా వ్యాసాలు మొదలే పెట్టలేదు. ఎలాగో రెండు దరఖాస్తులు పంపారు. ఒకచోట తిరస్కరించారు, రెండోచోట వెయిట్‌లిస్టులో ఉంచారు. ఆ అబ్బాయి ఏడాది ఆగాల్సి వచ్చింది.

ఒప్పందం తప్పితే సాధారణంగా ఎవరూ కోర్టుకు ఈడ్వరు. అలాగని అది ఉత్త కాగితం కాదు. 2025లో ట్యులేన్ యూనివర్సిటీ, ఒక విద్యార్థి ఈడీ మాట తప్పినందుకు ఆ హైస్కూలు నుంచి ఏడాది పాటు ఈడీ దరఖాస్తులు తీసుకోబోమంది. మీరు సంతకం చేస్తే కౌన్సెలరూ చేస్తారు. మీరు మాట తప్పితే మీ తర్వాతి బ్యాచ్ పిల్లలు మోయాల్సి రావచ్చు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. సంతకం ముందు లెక్క, లెక్క తర్వాతే సంతకం.

ఎవరు పెట్టొచ్చు, ఎవరు పెట్టకూడదు

నాలుగేళ్ల మొత్తం, పెరుగుదలతో సహా, అప్పు లేకుండా లేదా తీర్చగలిగే అప్పుతో భరించగలమని ఇంట్లో కాగితం మీద తేలితే ఈడీ పెట్టండి. సాయం అవసరమైతే రెండు షరతులు. ఒకటి, ఆ కాలేజీ విదేశీ విద్యార్థి అవసరం పూర్తిగా తీరుస్తుందని రాసి ఉండాలి. రెండు, ఈడీ విడతలోనే మీరు సాయం అడిగి, కాగితాలు గడువులోపు ఇచ్చి ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఈఏ, రెగ్యులర్ మీదే నడవండి. ఆఫర్లు పోల్చుకునే వీలు ఈడీలో ఉండదు. సాయంతోనే చదవాలనుకునేవాళ్లకు ఆ పోలికే ప్రాణం.

సాయం పోగా మీకు పడే ఖర్చును అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. అవి ఎక్కువగా అమెరికన్ కుటుంబాల ఆదాయం, పన్నుల లెక్కల మీద కట్టినవి. విదేశీ విద్యార్థికి అదే అంకె వస్తుందన్న హామీ లేదు. అంతకంటే సెప్టెంబర్‌లో అంతర్జాతీయ అడ్మిషన్ల ఆఫీసుకు సూటిగా రాయండి: ఈడీలో విదేశీ విద్యార్థులకు సాయం ఇస్తారా, ఎంతవరకు ఇస్తారు, ముందే అంచనా చెప్పగలరా. కొన్ని కాలేజీలు అంచనా ఇస్తాయి. జవాబు దాటవేసినట్టుంటే అదే మీకు జవాబు.

ఈడీలో సీట్లు ఇచ్చే శాతం రెగ్యులర్ కన్నా ఎక్కువ కనిపిస్తుందని ఆశపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. క్రీడల కోటాలో ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు, తల్లిదండ్రులు అక్కడ చదివినవాళ్లు ఆ గుంపులో ఎక్కువగా ఉంటారు. మిగతావాళ్లకు లాభం ఉన్నా, అది కాగితం మీద కనిపించేంత ఉండదు.

ఇక గడువుల సంగతి. ఒక్కటి తప్పినా రౌండ్ మొత్తం పోతుంది.

- ఆర్థిక సాయం కోసం చాలా కాలేజీలు అడిగే ఫారం సీఎస్‌ఎస్ ప్రొఫైల్, అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. ఆ వారమే మొదలుపెట్టండి. ఆదాయ పత్రాలు, బ్యాంకు పత్రాలు, అనువాదాలు చేతికి రావడానికే వారాలు పడుతుంది.
- దరఖాస్తు గడువు వేరు, సాయం కాగితాల గడువు వేరు. రెండూ విడివిడిగా రాసుకోండి.
- ఎస్ఏటీ స్కోరు రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. నవంబర్ 1కి అక్టోబర్ పరీక్షే చివరిదనుకోండి. నవంబర్ పరీక్ష తీసుకుంటామని కాలేజీ రాతపూర్వకంగా చెప్తేనే నమ్మండి. సెంటర్లు నిండిపోతాయి, ముందే రిజిస్టర్ చేసుకోండి.
- కౌన్సెలర్‌కి, సిఫార్సు లేఖ రాసే టీచర్లకు సెప్టెంబర్ మొదట్లోనే చెప్పండి. ఈడీ ఒప్పందంలో కౌన్సెలర్ సంతకం లేకపోతే అది పూర్తయినట్టు కాదు.
- గడువు ఏ టైమ్‌జోన్‌లోదో చూడండి. చాలా కాలేజీలకు ఒకే ఫారంతో పెట్టే కామన్ యాప్‌లో మీ ఊరి సమయం ప్రకారం రాత్రి 11:59. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఫారంలో పసిఫిక్ సమయం. ఏదైనా రెండు రోజుల ముందే పంపండి.
- మెరిట్ స్కాలర్‌షిప్ గడువు రెగ్యులర్ గడువు కన్నా ముందుండొచ్చు. బోస్టన్ యూనివర్సిటీలో పెద్ద స్కాలర్‌షిప్పులకు డిసెంబర్ 1. జనవరిలో పెట్టి అవి ఆశించకండి.
- ఒకేసారి రెండు చోట్ల ఈడీ పెట్టకండి. దొరుకుతారు, రెండూ పోతాయి.
- హార్వర్డ్ తరహా ఈఏ పెట్టి, పక్కన ఇంకో ప్రైవేటు కాలేజీకి ఈడీ పెట్టకండి.
- సాయం కావాలంటే కావాలనే టిక్కు పెట్టండి. తర్వాత అడుగుదామనుకోకండి.
- డిసెంబర్ 10 నాటికి రెగ్యులర్ దరఖాస్తులన్నీ వ్యాసాలతో సహా పూర్తి చేసి పక్కన పెట్టండి. స్కూలు పంపాల్సినవి సెలవులకు ముందే పంపించుకోండి.
- ఈడీలో వాయిదా పడితే, అంటే డిఫర్ అయితే, కట్టుబాటు అక్కడితో తీరినట్టే. మిగతా చోట్ల స్వేచ్ఛగా పెట్టండి. ఈడీ-2 పెట్టాలంటే మళ్లీ లెక్క వేయండి, మళ్లీ ఇంట్లో మాట్లాడండి.
- సీటొచ్చి సాయం తక్కువైతే అదే రోజు ఆర్థిక సాయం ఆఫీసుకు రాయండి. కాగితాలతో పునఃపరిశీలన అడగండి. డిపాజిట్ కట్టకండి. జనవరి 1లోపు తేలకపోతే రెగ్యులర్ దరఖాస్తులు పోతాయి, అది మెయిల్లోనే చెప్పండి.
- సీటొచ్చి డబ్బు సరిపోతే మిగతా దరఖాస్తులన్నీ ఆ వారంలోనే వెనక్కి తీసుకోండి. వెనక్కి తీసుకున్నట్టు ప్రతి కాలేజీ నుంచి వచ్చిన మెయిల్ దాచుకోండి.