గిఫ్ట్ కార్డులు బాగా అమ్ముడయ్యాయి, అయినా డబ్బు చాలలేదు: సమస్య - పరిష్కారం

మందకొడి నెల రాబోతోందని తెలిసి, ముందుగానే గిఫ్ట్ కార్డులో అడ్వాన్స్ బుకింగ్ ఆఫరో పెట్టి రొక్కం సమకూర్చుకునే చిన్న వ్యాపారాల కోసం ఈ వివరణ రాస్తున్నాను. కార్డులు ఎలా అచ్చు వేయించాలో, ఆఫర్ గురించి కస్టమర్లకు ఎలా తెలియజేయాలో మీకు తెలుసని అనుకుంటున్నాను. అమ్మకం బాగా జరిగాక కూడా డబ్బు ఎందుకు చాలడం లేదన్నదే ఇక్కడి ప్రశ్న.

లక్షణం 1: అమ్మిన నెలలో లాభం కనిపించింది, తర్వాతి నెలలో అద్దెకే కటకటలాడాల్సి వచ్చింది

ముందుగా పద్దు పుస్తకం తెరిచి, కార్డుల మీద వచ్చిన డబ్బును రోజువారీ అమ్మకాల్లో కలిపి రాశారేమో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది ఈ ఒక్క పరిశీలనను వదిలేసి, ఆఫర్‌నో ప్రచారాన్నో తప్పుపడుతుంటారు. కార్డు అమ్మిన రోజున మీరు ఏ పనీ చేయలేదు, ఏ వస్తువూ ఇవ్వలేదు. ఆ డబ్బు కస్టమర్‌కు మీరు పడ్డ బాకీ. అతను వచ్చి కార్డు వాడుకున్న రోజునే అది ఆదాయం అవుతుంది. లెక్కల ప్రమాణాలు కూడా దాన్ని అప్పటిదాకా బాధ్యతగానే చూపమంటాయి.

పరిష్కారం సులువు. కార్డుల కోసం వేరే పేజీ పెట్టి, అమ్మిన మొత్తం, వాడుకున్న మొత్తం, ఇంకా మిగిలిన బాకీ అని మూడు గడులు గీయండి. వీలైతే ఆ డబ్బును వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, మందకొడి నెలలో నిజంగా లోటు పడినంతే తీసుకోండి. ఈ పేజీ లేకుండా కింది లక్షణానికి కారణం పట్టుకోవడం సాధ్యం కాదు.

లక్షణం 2: బాకీ లెక్క సరిగానే ఉంది, మనుషులూ వస్తున్నారు, కానీ గల్లాపెట్టెలో రొక్కం పడటం లేదు

అసలు చిక్కు ఇదే. దుకాణంలో సందడి ఉంటుంది కాబట్టి ఆఫర్ ఫలించిందనే అనిపిస్తుంది. కారణం ఎక్కడుందంటే, ఆ కార్డులు కొన్నవారిలో ఎక్కువమంది ఎలాగూ మీ దగ్గరికి వచ్చి పూర్తి ధర ఇచ్చేవారే. బయటివారికంటే ముందుగా ఆఫర్ తెలిసేది వారికే, అందులోని లాభం చప్పున గ్రహించేదీ వారే, మీ మీద నమ్మకంతో ముందుగా డబ్బు కట్టగలిగేదీ వారే. అంటే మీరు కొత్త డబ్బు తేలేదు. రెండు వారాల తర్వాత పూర్తిగా రావలసిన డబ్బును ముందే కొంత తగ్గించి తీసుకున్నారు.

ఒక సెలూన్ లెక్క చూద్దాం. దాని మామూలు నెల ఆదాయాన్ని 100 భాగాలు అనుకుందాం. అద్దె, జీతాలు కలిపి 65 భాగాలు, సామగ్రికి ఆదాయంలో 15 శాతం ఖర్చవుతాయి. కాబట్టి మామూలు నెలలో 20 భాగాలు మిగులుతాయి. మందకొడి నెలలో ఆదాయం 60కి పడిపోతుంది. సామగ్రి ఖర్చు 9కి తగ్గినా అద్దె, జీతాలు తగ్గవు గనుక మొత్తం ఖర్చు 74 అవుతుంది, లోటు 14.

ఈ లోటు పూడ్చడానికి యజమాని అంతకు ముందు నెలలో "100 కట్టండి, 120 విలువైన సేవ పొందండి" అనే కార్డు పెట్టి 30 భాగాల రొక్కం వసూలు చేశాడనుకుందాం. అంటే 36 భాగాల సేవ బాకీ పడ్డాడు. 14 లోటుకు 30 చేతిలో ఉన్నాయి, కాగితం మీద ఇంకా 16 మిగలాలి.

ఇప్పుడు జరిగేది చూడండి. ఆ 36లో 30 భాగాల విలువైన కార్డులు పాత కస్టమర్ల చేతుల్లోనే ఉన్నాయి. వారు మందకొడి నెలలో ఎప్పటిలాగే వచ్చి, 18 భాగాల పనికి రొక్కానికి బదులు కార్డు ఇస్తారు. ఆ నెల జరిగిన పని 60 భాగాలే, కానీ గల్లాలో పడింది 42. ఖర్చు 74కి 32 తక్కువ. దాచిన 30 మొత్తం పెట్టినా ఇంకా 2 భాగాలు చాలవు.

మిగిలిన 18 భాగాల కార్డులు తర్వాతి నెలలో వస్తాయి. అది గిరాకీ నెల, కుర్చీలన్నీ నిండి 100 భాగాల పని జరుగుతుంది, కానీ రొక్కంగా వచ్చేది 82. ఖర్చు 80 పోగా 20 మిగలవలసిన నెలలో 2 మిగులుతాయి. పైగా కార్డుతో వచ్చిన కొత్తవారు రద్దీ వేళ కుర్చీలో కూర్చున్నందువల్ల, అదే సమయానికి డబ్బిచ్చే మనిషి వెనుదిరిగి ఉంటాడు.

రెండు నెలలూ కలిపి చూస్తే ఆఫర్ పెట్టినందువల్ల మిగిలింది సున్నా. ఏ ఆఫరూ పెట్టకపోయి ఉంటే 6 మిగిలేవి. మరోలా చెప్పాలంటే, మందకొడి నెలలో లోటు 14 నుంచి 2కి తగ్గింది, అంటే 12 భాగాల సాయం దొరికింది. దానికి తర్వాతి నెల మిగులులో 18 భాగాలు పోయాయి. నెల రోజుల అప్పుకు సగం వడ్డీ కట్టినట్టు. ఈ లెక్క ఏ పద్దులోనూ ఒకే చోట కనిపించదు కాబట్టే యజమానులు మరుసటి ఏడాది అదే ఆఫర్‌ను ఇంకా పెద్దదిగా పెడతారు.

ఇదే కారణమని ఎలా తెలుస్తుంది

కార్డు వాడుకున్న ప్రతిసారీ బాకీ పేజీలో రెండు సంగతులు రాయండి: ఆ మనిషి కార్డు కొనడానికి ముందు మూడు నెలల్లో మీ దగ్గరికి వచ్చాడా, ఇప్పుడు వచ్చిన వేళ ఖాళీ వేళా, రద్దీ వేళా. బుకింగ్ పుస్తకం గానీ పాత బిల్లులు గానీ ఉంటే ఇప్పటికే ముగిసిన ఆఫర్‌కు కూడా ఈ పని చేయవచ్చు. వాడుకున్న విలువలో సగానికి మించి పాతవారిదే అయితే మీరు మీ సొంత ఆదాయాన్నే తగ్గింపు ధరకు అమ్ముకున్నారన్నమాట. పాతవారు తక్కువే అయినా కార్డులన్నీ రద్దీ వేళల్లోనే వస్తుంటే నష్టం అంతే ఉంటుంది. ఖాళీ కుర్చీలో ఒకరు కార్డుతో కూర్చుంటే మీకయ్యే ఖర్చు సామగ్రి మాత్రమే. నిండిన వేళ కూర్చుంటే పోయేది ఆ సేవకు వచ్చే పూర్తి ధర.

అడ్వాన్స్ బుకింగ్‌లోనూ ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది. ప్రతి నెలా రెండో శనివారం వచ్చే మనిషి అదే శనివారాన్ని తగ్గింపు ధరకు ముందే బుక్ చేసుకుంటే ఖాళీ ఒక్కటీ నిండలేదు, ధర మాత్రం తగ్గింది.

పరిష్కారం

కార్డును రెండుగా విడదీయండి. కస్టమర్ కట్టిన డబ్బుకు సమానమైన కార్డు ఒకటి, మీరు అదనంగా ఇచ్చే బోనస్ చీటీ మరొకటి. డబ్బు కట్టిన కార్డు మందకొడి నెల దాటాకే వాడుకలోకి వస్తుందని దాని మీద, బిల్లు మీద పెద్ద అక్షరాలతో రాసి, అమ్మేటప్పుడు నోటితోనూ చెప్పండి. బోనస్ చీటీ మాత్రం మందకొడి నెలలోనే, మీకు ఖాళీగా ఉండే రోజుల్లో, ఆ కస్టమర్ మామూలుగా చేయించుకోని సేవకే చెల్లాలి. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చే మనిషికి అదే పనికి బోనస్ ఇస్తే మళ్లీ పాత కథే.

ఎంత అమ్మాలన్నది కూడా ముందే గీత గీసుకోవాలి. పై సెలూన్‌లో లోటు 14 గనుక, కొంత జాగ్రత్త కలుపుకొని 20 దగ్గర అమ్మకం ఆపేస్తే చాలు. ఆ 20కి అదనంగా ఇచ్చే బోనస్ చీటీలు 4 భాగాల విలువవి. అవన్నీ వాడినా సామగ్రి ఖర్చు 0.6 భాగం. మందకొడి నెలలో పాతవారు రొక్కమే ఇస్తారు కాబట్టి 60 వస్తుంది, లోటు 14.6 పోగా 20లో 5.4 మిగులుతుంది. తర్వాతి మూడు నెలల్లో 20 భాగాల కార్డులు తిరిగివస్తాయి. వాటిలో సగం మొదటి నెలలోనే వచ్చినా ఆ నెల మిగులు 20 నుంచి 10కి తగ్గుతుందే తప్ప మునిగిపోదు. నేను పాటించే హద్దు ఇదే: ఏ ఒక్క నెలలోనూ తిరిగివచ్చే కార్డులు ఆ నెల మామూలు మిగులులో సగానికి మించకూడదు. మించేలా ఉంటే లోటుకు వేరే దారి చూసుకోవాలి.

ఒక ఇబ్బంది ఉంది. కార్డు కొన్న పాతవారిలో కొందరు మందకొడి నెలలో రావడం మానేసి, కార్డు చెల్లే రోజుదాకా ఆగుతారు. జుట్టు పెరగడం ఆగదు గనుక సెలూన్‌లో ఈ ఆగడం స్వల్పమే, కానీ వాయిదా వేయగలిగే సేవలు అమ్మేవారికి ఇది పెద్ద నష్టం. అలాంటి వ్యాపారానికి కార్డు కంటే అడ్వాన్స్ బుకింగే మేలు: తేదీ, వేళ మందకొడి నెలలోని ఖాళీ రోజులకే కట్టుబడి ఉండాలి, తగ్గింపు కొత్తవారికీ, పాతవారు అదనంగా వచ్చే సందర్శనకీ మాత్రమే దక్కాలి.

పాతవారికి కార్డు అమ్మకుండా ఉండలేరు, ఉండనక్కరలేదు కూడా. అమ్మేటప్పుడు పొందేవారి పేరు అడిగి కార్డు మీద రాయండి, బోనస్ చీటీని మాత్రం కార్డు కొన్నవారికే ఇవ్వండి. పాత కస్టమర్ తన కోసం కాక మరొకరి కోసం కొన్నప్పుడే కార్డు కొత్త మనిషిని లోపలికి తెస్తుంది.

గడువు విషయంలో మాత్రం మీ ప్రాంతపు చట్టం చూడకుండా ఏమీ అచ్చు వేయించకండి. డబ్బు కట్టిన విలువకు చిన్న గడువు పెట్టడాన్ని చాలా చోట్ల చట్టాలు అడ్డుకుంటాయి. ఉచితంగా ఇచ్చే బోనస్‌కు సాధారణంగా ఎక్కువ వెసులుబాటు ఉంటుంది. రెండింటినీ వేర్వేరు కాగితాలుగా ఇవ్వమనడానికి ఇదీ ఒక కారణం.

లక్షణం 3: అమ్మకం జరిగింది, డబ్బు ఖాతాలోకి రాలేదు

ఆన్‌లైన్‌లో అమ్మితే చెల్లింపుల సంస్థ కొంత మొత్తాన్ని ఆపి ఉంచవచ్చు. సేవ ఇంకా అందలేదు గనుక కస్టమర్ డబ్బు వెనక్కి అడిగే అవకాశం ఉందని వారి లెక్క. ఆఫర్ మొదలుపెట్టకముందే వారితో మాట్లాడి, డబ్బు ఎన్ని రోజులకు చేరుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

అరుదైనవి

నకిలీ కార్డులు, ఒకే కోడ్‌ను రెండుసార్లు వాడటం వంటివి చిన్న వ్యాపారంలో అరుదు. వరుస సంఖ్య వేసి, వాడగానే బాకీ పేజీలో కొట్టేస్తే సరిపోతుంది. కార్డు పోయిందని ఎవరైనా వస్తే అదే పేజీలో పేరు చూసి కొత్తది ఇవ్వండి. ఎప్పటికీ వాడని కార్డుల మీద మిగిలే డబ్బును నమ్ముకుని మాత్రం లెక్క వేయకండి. పాత కస్టమర్లు కొన్న కార్డులు దాదాపు అన్నీ తిరిగివస్తాయి.