హోటల్ మూసేశాక రెండో వ్యాపారం: పాత లెక్కల్లో ఏం చూడాలి, కొత్తది ఎంతలో మొదలుపెట్టాలి

చిన్న వ్యాపారుల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి మూతపడ్డ హోటళ్ల బిల్లు పుస్తకాలు నా టేబుల్ మీదకి తరచూ వస్తుంటాయి. వచ్చేవాళ్లలో చాలామంది ఆపాటికే రెండో వ్యాపారం అనుకునే వస్తారు. విజయవాడలో ఫ్యామిలీ రెస్టారెంట్ నడిపి పద్నాలుగు నెలలకి మూసేసిన ఒక దంపతుల లెక్కల్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాను. వాళ్లెవరో బయటపడకుండా అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను. మీది హోటల్ కాకపోయినా చూసే పద్ధతి ఇదే. కాకపోతే తిండి వ్యాపారంలో తప్పు చాలా తొందరగా బయటపడుతుంది.

సమస్య 1: "ఎందుకు పోయింది?" అని అడిగితే రోజుకో కారణం చెబుతున్నారు

భర్తని అడిగితే బిర్యానీ మాస్టర్ మధ్యలో మానేశాడు అంటారు. భార్యని అడిగితే పార్కింగ్ లేదు అంటారు. బంధువులు వాస్తు దగ్గర మొదలుపెడతారు. అన్నింటిలోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. కానీ వీటిలో ఏదీ రెండో వ్యాపారం ఎంచుకోవడానికి పనికిరాదు, ఎందుకంటే ఏ కారణానికి ఎంత డబ్బు పోయిందో ఎవరికీ తెలియదు.

అసలు సంగతి ఏమిటంటే పోయిన డబ్బంతా ఒకే కుప్పగా కనిపిస్తోంది. దాన్ని మూడుగా విడదీయండి. మూస్తే పైసా తిరిగి రానిది ఒకటి, కొంత వచ్చేది ఇంకొకటి, నెలనెలా కారిపోయింది మూడోది.

వీళ్లు పెట్టింది 16 లక్షలు. అందులో ఇంటీరియర్ 7 లక్షలు, ఓపెనింగ్, బోర్డులు, ప్రచారం వగైరా 2.6 లక్షలు. ఈ 9.6 లక్షల్లో ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. కిచెన్ సామాన్లు 4 లక్షలు పెట్టి కొన్నవి, అమ్మితే 1.3 లక్షలు వచ్చాయి. ఓనర్‌కి ఇచ్చిన 2.4 లక్షల అడ్వాన్స్‌లో రంగులకీ రిపేర్లకీ పట్టుకోగా 1.8 లక్షలు చేతికొచ్చాయి. అంటే మొదటి రెండు కుప్పల్లో కలిపి 12.9 లక్షలు పోయాయి. మూడో కుప్ప, నెలనెలా నష్టం, పద్నాలుగు నెలలకి సుమారు 10 లక్షలు.

ఇప్పుడు చూడండి. పోయిన 23 లక్షల్లో సగానికి పైగా మొదటి ప్లేటు అమ్మకముందే ఖర్చయిపోయిన డబ్బు. మాస్టర్ ఉన్నా మానేసినా షాపు మూసిన రోజున ఆ డబ్బు తిరిగి వచ్చేది కాదు. రెండో వ్యాపారానికి మొదటి షరతు ఇక్కడే దొరికింది: మూసేయాల్సి వస్తే తిరిగి రాని ఖర్చు ఎంత? ఆ అంకె వాళ్లిద్దరూ కూర్చుని 60 వేలు అని రాసుకున్నారు. అది పోయినా పిల్లల ఫీజు ఆగదు, మళ్లీ బంగారం కుదువ పెట్టే పని ఉండదు.

సమస్య 2: షాపు ఎప్పుడూ రష్‌గా ఉండేది, గల్లాలో మాత్రం డబ్బు లేదు

ఈ ఫిర్యాదు వినగానే నేను రెండు కాగితాలు అడుగుతాను. ఒకటి నెలవారీ కదలని ఖర్చు, రెండోది బిల్లింగ్ మెషీన్ నుంచి ఐటమ్ వారీ రిపోర్టు.

కదలని ఖర్చు అంటే ఒక్క గిరాకీ రాకపోయినా కట్టాల్సింది. వీళ్లకి అద్దె 40 వేలు, జీతాలు 1,15,000, కమర్షియల్ రేటులో కరెంటు 28 వేలు, మిగతావి 17 వేలు. మొత్తం 2 లక్షలు. అంటే షట్టర్ ఎత్తగానే రోజుకి 6,600 పైన ఖర్చు సిద్ధంగా ఉంది. సరుకులు, గ్యాస్ పోగా నూరు రూపాయల బిల్లులో 55 మిగిలేవి. ఆ లెక్కన రోజుకి 12,100 రూపాయలు అమ్మితేనే నష్టం లేకుండా గడుస్తుంది. టేబుళ్ల మీద వాళ్ల సగటు అమ్మకం 7,800.

మరి ఆ రష్ ఏమిటి? డెలివరీ యాప్ ఆర్డర్లు. బయట బైకులు ఆగి ఉంటాయి, లోపల ప్యాకింగ్ హడావుడి, చూసేవాళ్లకి వ్యాపారం అదిరిపోతున్నట్టే ఉంటుంది. ఒక్క ఆర్డర్ విప్పి చూద్దాం. మెనూ ధర 250, డిస్కౌంట్ 40 పోతే 210. దాని మీద వీళ్ల ఒప్పందం ప్రకారం 22 శాతం కమీషన్, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 54. సరుకులు, గ్యాస్ 112, డబ్బాలు, కవరు 12. చివరికి మిగిలింది 32 రూపాయలు. రోజుకి పన్నెండు ఆర్డర్లు వస్తే 400 కూడా కాదు. టేబుళ్ల మీద మిగిలింది కలిపినా నెలకి 60 వేలు తక్కువ పడేది. దీని మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 6 లక్షలకి నెలకి 12 వేలు.

ఇప్పుడు రెండో కాగితం. ఐటమ్ వారీ రిపోర్టులో ఏం ఎక్కువ అమ్ముడైందో చూడటం అందరికీ అలవాటు. నేను చూడమనేది వేరు: ఏసీ, వెయిటర్, తందూరీ మాస్టర్, డిస్కౌంట్, ఇవేవీ లేకపోయినా అమ్ముడయ్యేది ఏది? వీళ్ల రిపోర్టులో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య పప్పు, వేపుడు, పులుసు పార్సిళ్లు రోజూ పదిహేను దాకా కనిపించాయి. కొనేవాళ్లు చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు, రూముల్లో ఉండే కుర్రాళ్లు. అన్నం కుక్కర్‌లో వాళ్లే వండుకుంటారు, కూరలు మాత్రం కావాలి. ఈ పార్సిళ్లని భర్త ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే బిర్యానీ ముందు అది చిన్న బేరం. వండింది మాత్రం భార్యే, మాస్టర్ కాదు.

సమస్య 3: కొత్త ఆలోచనలన్నీ పాత సామాన్ల చుట్టూ, పాత అప్పు చుట్టూ తిరుగుతున్నాయి

"తందూరీ బట్టీ ఉంది కదా, కబాబ్ పాయింట్ పెడదాం" అన్నది భర్త మొదటి ఆలోచన. "డీప్ ఫ్రీజర్ ఉంది, చికెన్ పెడదాం" రెండోది. ఆయన అడగాల్సింది "ఎవరు కొంటారు" అని, అడుగుతున్నది "ఈ సామాను ఏం చేయాలి" అని. ఆ సామాను నిలబెట్టడానికి మళ్లీ షాపు కావాలి, షాపుకి అడ్వాన్స్ కావాలి, పాత కథే. అందుకే కొత్త ఆలోచన తేలకముందే సామాన్లు అమ్మించాను. పెద్ద గిన్నెలు, గ్రైండర్, తూకం మిషను మాత్రం ఉంచుకున్నారు.

అప్పు సంగతి ఇంతకంటే ముదురు. నెలకి 12 వేల వడ్డీ కట్టాలంటే చిన్న వ్యాపారం ఎలా సరిపోతుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పాత వడ్డీ కూడా కొత్త వ్యాపారమే మోయాలని పెడితే, మొదటి నెల నుంచే పెద్ద అమ్మకం కావాలి, దానికి పెద్ద పెట్టుబడి కావాలి. సామాన్లు అమ్మగా, అడ్వాన్స్ తిరిగి రాగా చేతికొచ్చిన 3.1 లక్షల్లో 60 వేలు పక్కన పెట్టి మిగతాది అసలుకి జమ చేశారు. అప్పు 3.5 లక్షలకి, వడ్డీ 7 వేలకి దిగింది. అది భర్త ఉద్యోగంలో చేరి జీతం నుంచి కడుతున్నారు. కొత్త వ్యాపారం పుస్తకంలో పాత అప్పు పేజీ లేదు.

ఇక్కడే ఒక చిన్న పని మర్చిపోవద్దు. షాపు మూసినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ దానంతట అది పోదు. అమ్మకాలేమీ లేవని చెప్పే నిల్ రిటర్న్ వేయకపోతే రోజుకి 20 రూపాయల చొప్పున, ఒక్కో రిటర్న్‌కి 500 దాకా లేట్ ఫీజు పడుతూనే ఉంటుంది. REG-16 ఫారంలో రద్దుకి అప్లై చేసి, రద్దయిన మూడు నెలల్లోపు చివరి రిటర్న్ అయిన GSTR-10 వేయాలి. ఫుడ్ లైసెన్స్ కూడా అడ్రస్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇంటి నుంచి వండి అమ్మాలన్నా ఇంటి అడ్రస్ మీద ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కొత్తగా తీసుకోవాలి. సిలిండర్ కూడా ఇంటిది కాదు, 19 కిలోల కమర్షియల్‌దే. గ్యాస్ ఖర్చు ఆ రేటుతోనే వేసుకోండి, లేకపోతే లాభం కాగితం మీదే ఉంటుంది.

సమస్య 4: చిన్నగానే మొదలుపెట్టాం, నడుస్తోందో లేదో తెలియట్లేదు

కొత్తది మధ్యాహ్నం కూరల సెట్. పప్పు, వేపుడు, పులుసు, రోటి పచ్చడి, 120 రూపాయలు. ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు వాట్సాప్‌లో ఆర్డర్, డబ్బు ముందే. ఎన్ని ఆర్డర్లో అన్నే వండటం వల్ల మిగిలిపోయేది లేదు. మామూలు కర్రీ పాయింట్‌లో లాభాన్ని తినేసేది ఆ మిగిలిపోయిన కూరలే.

సరుకులు, గ్యాస్, డబ్బాలకి 65 పోతే సెట్‌కి 55 మిగులుతుంది. సహాయానికి వచ్చే ఆమెకి 9 వేలు, పెట్రోల్ 3 వేలు, మిగతావి వెయ్యి. ఆదివారాలు సెలవు, నెలకి 26 రోజులు. అంటే రోజుకి పది సెట్లు అమ్మితే నష్టం లేదు. భార్య కష్టానికి నెలకి 20 వేలు రావాలంటే 24 సెట్లు. పాత షాపు తట్టుకోవడానికి రోజుకి 12,100 కావాలి, దీనికి 1,200 చాలు. తేడా ఇదే.

మొదటి వారం సగటున 14 సెట్లు వెళ్లాయి, అందరూ సంబరపడ్డారు. మూడో వారానికి 11కి పడిపోయి టెన్షన్ మొదలైంది. కానీ కొనడం మానేసిందెవరు? మొదటి వారం 14లో 8 మంది చుట్టాలు, పాత స్నేహితులు. మొహమాటానికి కొన్నవాళ్లు రెండు వారాలకి మించి కొనరు. మూడో వారం 11లో 9 మంది ముక్కూమొహం తెలియనివాళ్లు, అందులోనూ ఎక్కువమంది రెండోసారి, మూడోసారి ఆర్డర్ పెట్టినవాళ్లు. నిజానికి వ్యాపారం పెరిగింది. అందుకే పుస్తకంలో రెండు గడులు గీయించాను, తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. రెండో గడి ఒక్కటే అసలు అమ్మకం.

నెల ఎంపిక కూడా మోసం చేస్తుంది. కార్తీక మాసంలో మాంసం మానేసిన ఇళ్ల నుంచి శాకాహారం ఆర్డర్లు వెల్లువలా వస్తాయి. ఆ నెల అంకె చూసి షాపు తీసుకుంటే తర్వాతి నెలలో దెబ్బ తింటారు. మూడు నెలలు చూడండి, అందులో ఒక్కటైనా మామూలు నెల ఉండాలి. మూడు నెలలయ్యేసరికి తెలియనివాళ్ల గడి పది దాటకపోతే, లేదా 60 వేలు అయిపోతే ఆపేయాలని ముందే రాసుకోవాలి. ఆపేటప్పుడు రాసుకుంటే ఇంకో నెల, ఇంకో నెల అంటూ సాగుతుంది.

సమస్య 5: నడుస్తోంది, ఇప్పుడు షట్టర్ తీసుకోవచ్చా?

వీళ్లకి మూడో నెలలో రోజుకి 21 వచ్చాయి. వెంటనే ఒక చిన్న షట్టర్ చూసొచ్చారు, అద్దె 8 వేలు. 8 వేలని 26 రోజులకీ, సెట్‌కి మిగిలే 55కీ పంచితే రోజుకి ఆరు సెట్లు. ఇంకో మనిషిని పెట్టుకుంటే 9 వేలు, అంటే మరో ఏడు సెట్లు. షాపు తీసుకుంటే వస్తాయిలే అని కాదు, ఇంటి దగ్గర నుంచే ఆ అదనపు ఆర్డర్లు రెండు నెలలు వరసగా కనిపించాకే అద్దె మాట. అంటే షట్టర్‌కి, మనిషికి కలిపి 24 మీద పదమూడు, దాదాపు 37. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒక నాలుగు బర్నర్ల స్టవ్ మీద 35 దగ్గర ఊపిరాడదు కాబట్టి, అక్కడికి చేరి ఆర్డర్లు వెనక్కి పంపాల్సి వస్తుంటే అది షాపు తీసుకునే సమయం. అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదనే లాక్-ఇన్ పీరియడ్ లేకుండా, అడ్వాన్స్ రెండు నెలలకి మించకుండా, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదో కాగితం మీదే తేల్చుకోండి.