లెక్కింపు పాఠాలు – 4: నక్షత్రాలు, గీతలు, ఖాళీగా మిగిలే పెట్టె

గత పాఠంలో n వస్తువుల నుంచి r వస్తువులను ఎంచుకునే సంయోగాల సంఖ్య C(n, r) ఎలా వస్తుందో చూశాం. ఈ పాఠానికి కావలసింది అదొక్కటే.

ఒకేలా ఉండే 5 బంతులు, ఎ, బి, సి అని పేర్లు రాసిన 3 పెట్టెలు తీసుకుందాం. బంతులన్నీ పెట్టెల్లో వేసేయాలి. ఏ పెట్టె అయినా ఖాళీగా ఉండొచ్చు. ఇలా ఎన్ని అమరికలు వస్తాయి?

బంతుల్లో తేడా లేదు కాబట్టి ఏ బంతి ఎందులో పడిందన్న ప్రశ్నే లేదు. ఏ పెట్టెలో ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. అందుకే బంతికొక నక్షత్రం వేసి, పెట్టెకూ పెట్టెకూ మధ్య ఒక నిలువు గీత గీస్తే అమరిక మొత్తం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది:

```
★★|★★★|     ఎ=2, బి=3, సి=0
★||★★★★     ఎ=1, బి=0, సి=4
```

మొదటి వరుసలో చివరి గీత తర్వాత ఏమీ లేదు, అంటే సి ఖాళీ. రెండో వరుసలో గీతలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అంటే బి ఖాళీ. పెట్టెలు మూడైనా గీతలు రెండే. మూడు గీతలు గీశారంటే తెలియకుండానే నాలుగో పెట్టెను చేర్చినట్టే.

5 నక్షత్రాలు, 2 గీతలు కలిపి 7 స్థానాలు. వాటిలో గీతలకు రెండింటిని ఎంచుకుంటే మిగిలినవి నక్షత్రాలవి. కాబట్టి అమరికలు C(7, 2) = 21. n బంతులు, k పెట్టెలు ఉంటే C(n+k−1, k−1).

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నక్షత్రాల మధ్య 4 సందులు, అటు చివర, ఇటు చివర కలిపి 6 సందులున్నాయి కదా అని C(6, 2) = 15 అనేస్తారు. అలా చేస్తే ఒక సందులో ఒక్క గీతే పడుతుంది. రెండు గీతలూ ఒకే సందులో పడే 6 అమరికలు, అంటే బి ఖాళీగా ఉండేవన్నీ, లెక్కలోంచి జారిపోతాయి. 15కు ఆ 6 కలిపి చూడండి, 21 వస్తుంది. సందులు కాదు, స్థానాలు లెక్కపెట్టాలి.

సందుల లెక్క సరిగ్గా పనికొచ్చే చోటు వేరే ఉంది. ఏ పెట్టే ఖాళీగా ఉండకూడదంటే గీతలు చివర్లకు పోకూడదు, ఒకదాన్నొకటి ఆనుకోకూడదు. అప్పుడు మధ్యలోని 4 సందుల్లో రెండింటిని ఎంచుకోవాలి: C(4, 2) = 6.

ఇప్పుడు సంభావ్యత. 21 అమరికలూ సమసంభవాలని ముందే చెప్పారనుకుందాం. ఎ ఖాళీ అయితే 5 బంతులూ బి, సిలకే పోవాలి: C(6, 1) = 6 అమరికలు. సంభావ్యత 6/21, అంటే 2/7. సాధారణంగా ఇది (k−1)/(n+k−1) అవుతుంది. మొదటి స్థానంలో గీత ఉంటేనే ఎ ఖాళీ కాబట్టి, 7 స్థానాల్లో 2 గీతలున్నప్పుడు మొదటిది గీత అయ్యే అవకాశం 2/7 అని సూటిగానూ చెప్పొచ్చు.

"ఏదో ఒక పెట్టె అయినా ఖాళీ" అన్నది వేరే ప్రశ్న. 6ను మూడుతో గుణించి 18 అంటే తప్పు. బంతులన్నీ ఒకే పెట్టెలో ఉన్న 3 అమరికల్లో రెండేసి పెట్టెలు ఖాళీ, అవి రెండుసార్లు లెక్కకొచ్చాయి. 18 − 3 = 15. మరో దారిలో సరిచూస్తే 21 − 6, అదీ 15. సంభావ్యత 5/7.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన మాట. బంతులను ఒక్కొక్కటిగా, ఏ పెట్టెలోనైనా సమాన అవకాశంతో పడేలా విసిరితే పై జవాబులు చెల్లవు. అప్పుడు సమసంభవమయ్యేవి 3⁵ = 243 విసురుల వరుసలు. 5, 0, 0 అనే అమరిక ఒక్క వరుసలోనే వస్తుంది. 2, 2, 1 మాత్రం 5!/(2!·2!·1!) = 30 వరుసల్లో వస్తుంది. 21 అమరికల మీద బరువు సమానంగా లేదన్నమాట. అందుకే ఎ ఖాళీగా మిగిలే సంభావ్యత (2/3)⁵ = 32/243, సుమారు 0.13. ఇందాక వచ్చిన 2/7 సుమారు 0.29, రెట్టింపు కంటే ఎక్కువ. బంతులు చూడటానికి ఒకేలా ఉన్నా విసరడంలో ఒక్కొక్కటి విడిగానే పడుతుంది.

అలాగని మొదటి పద్ధతి వట్టి ఊహ కాదు. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను లెక్కించింది ఇలాగే, అమరికలన్నిటికీ సమాన బరువిచ్చి. లెక్కలో "ప్రతి అమరికా సమసంభవం" అని ఉందా, "ప్రతి బంతీ యాదృచ్ఛికంగా" అని ఉందా అన్నది చూశాకే కలం పట్టండి.

అభ్యాసం: 7 బంతులు, 4 పెట్టెలు. అమరికలు సమసంభవాలైతే మొదటి పెట్టె ఖాళీగా ఉండే సంభావ్యత 3/10, ఏదో ఒకటైనా ఖాళీగా ఉండేది 5/6 రావాలి. విడివిడిగా విసిరితే మొదటి పెట్టె ఖాళీగా ఉండేది (3/4)⁷, సుమారు 0.13. రెండో జవాబు 5/6కు మించి వస్తే, ఒకటికి మించి పెట్టెలు ఖాళీగా ఉన్న అమరికలను మళ్లీ మళ్లీ లెక్కపెట్టారేమో చూసుకోండి. వచ్చే పాఠంలో ఒక్కో పెట్టెలో 3 బంతులకు మించి పట్టవన్న షరతు చేరుద్దాం.